మంద సగటు వృద్ధి 12.9 శాతమా, 4.7 శాతమా? లాగ్ లెక్క మీద ఒక సందేహం

మందలెక్క, కళ్యాణదుర్గం

సభ్యులందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. మా నాన్న గొర్రెలు మేపుతారు. నేను డిగ్రీ పూర్తి చేసి ప్రస్తుతానికి ఇంటి దగ్గరే ఉన్నాను. మందను పెంచుకోవడానికి అప్పు కోసం దరఖాస్తు పెడుతుంటే, అందులో 'సగటు వార్షిక వృద్ధి శాతం' అనే గడి ఒకటి కనిపించింది. మా నాన్న ఏటా ఉగాది నాడు దొడ్డిలో తలలు లెక్కపెట్టి గోడ క్యాలెండరు వెనుక రాసి పెడతారు కాబట్టి అంకెలకు కొదవ లేదు. వరుసగా ఐదు ఉగాదులకు మంద 40, 60, 45, 72, 48గా ఉంది.

అంటే మొదటి ఏడు 50 శాతం పెరిగింది. రెండో ఏడు వానల తర్వాత నీలి నాలుక రోగం తగిలి 25 శాతం తగ్గింది. మూడో ఏడు 60 శాతం పెరిగింది. నాలుగో ఏడు మూడో వంతు తగ్గింది. దరఖాస్తు నింపిపెట్టినాయన ఈ నాలుగు శాతాలను కూడి, నాలుగుతో భాగించి, 12.9 అని గడిలో రాసేశారు. ఇంటికొచ్చాక నాకు అనుమానం వచ్చి, 40ని ఏటా 12.9 శాతం చొప్పున నాలుగేళ్లు పెంచి చూశాను. 65 వచ్చింది. దొడ్డిలో ఉన్నవి 48. లెక్కలో ఉండి దొడ్డిలో లేని ఆ 17 గొర్రెలు ఎక్కడివో నాకు అర్థం కావడం లేదు. కూడికలోనూ భాగహారంలోనూ తప్పు లేదని మూడుసార్లు సరిచూసుకున్నాను. లాగ్ తీసి సగటు కడితే మాత్రం 4.7 వస్తోంది, అసలు లాగ్ ఎందుకు తీయాలో కూడా తెలియడం లేదు.

హంద్రీగట్టు, కర్నూలు

నేను మార్కెట్ యార్డులో ఒక మండీకి లెక్కలు రాస్తాను. మీరు అనవసరంగా కష్టపడుతున్నారేమో అనిపిస్తోంది. నాలుగేళ్లలో 40 కాస్తా 48 అయింది, అంటే మొత్తం మీద 20 శాతం పెరిగింది. దాన్ని నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 5 శాతం. అదే గడిలో రాయండి. మధ్యలో మంద ఎక్కిందా దిగిందా అన్నది అడిగినవాళ్లకు అక్కర్లేదు.

మా ఉల్లిగడ్డ సంగతి చూడండి. క్వింటాలు 2000 పలికిన సరుకు మరుసటి నెలలో 1000కి పడిపోయి, ఆ పై నెలలో మళ్లీ 2000కి ఎక్కిందనుకుందాం. పడినప్పుడు 50 శాతం, ఎక్కినప్పుడు 100 శాతం. మీ దరఖాస్తు ఆయన పద్ధతిలో అయితే సగటున నెలకు 25 శాతం పెరిగినట్టు తేలుతుంది. ఆ మాట నమ్మి సరుకు నిల్వ చేసుకున్న రైతు చేతికి మాత్రం మొదటి ధరే వస్తుంది.

చిత్రావతి, అనంతపురం

నేను ముప్పై ఏళ్లు గణాంకశాస్త్రం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. హంద్రీగట్టు గారి ఉల్లిగడ్డ ఉదాహరణ చాలా బాగుంది. అయితే దాని పైన ఆయన చేసిన భాగహారంతో మాత్రం నేను ఏకీభవించలేను. 40ని ఏటా 5 శాతం చొప్పున నాలుగేళ్లు పెంచితే 48 రాదు, 48.6 వస్తుంది. ఇక్కడ తేడా చిన్నది కాబట్టి కంటికి కనిపించదు. మంద నాలుగేళ్లలో మూడు రెట్లు అయి ఉంటే, 200 శాతాన్ని నాలుగుతో భాగించి 50 అనేవారు, అసలు జవాబేమో 31.6. అప్పుడు ఆ తేడాను ఎవరూ కాదనలేరు.

ఇక 17 గొర్రెల సంగతి. మొదటి ఏటి 50 శాతం 40 మీద లెక్కించినది, రెండో ఏటి 25 శాతం 60 మీద లెక్కించినది. ప్రతి ఏడూ శాతానికి ఆధారం మారిపోతోంది. వేర్వేరు ఆధారాల మీద తీసిన శాతాలను కూడడం అంటే, పల్లెలో ఒకరి ఎకరాన్నీ ఇంకొకరి సెంటునూ కలిపి రెండు అని చెప్పడం లాంటిదే. మంద ఏటేటా కూడికతో పెరగదు, గుణకారంతో పెరుగుతుంది. ఉన్న గొర్రెలే ఈనాలి కదా. అందుకే ముందుగా శాతాలను వృద్ధి గుణకాలుగా రాసుకోవాలి: 1.5, 0.75, 1.6, 0.667. నాలుగింటినీ గుణిస్తే 1.2 వస్తుంది, అదే 40కీ 48కీ ఉన్న నిష్పత్తి. ఇప్పుడు మనం వెతకవలసినది, నాలుగుసార్లు తనను తానే గుణించుకుంటే ఆ 1.2నే ఇచ్చే ఒక్క సంఖ్యను. అది 1.0466. కాబట్టి సగటు వృద్ధి ఏడాదికి 4.7 శాతం. దీనినే మనం గుణమధ్యమం అంటాం.

లాగ్ ఎందుకంటే, అది గుణకారాన్ని కూడికగా మార్చిపెడుతుంది. మీ నాలుగు గుణకాల సహజ లాగులు 0.4055, −0.2877, 0.4700, −0.4055. వీటి అంకమధ్యమం 0.0456. దాన్ని మళ్లీ వెనక్కి తిప్పితే అదే 1.0466 వస్తుంది. ఇందులో మొదటి దాన్నీ చివరి దాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 50 శాతం పెరిగి, తర్వాత మూడో వంతు తగ్గితే మంద మొదలైన చోటికే వస్తుంది. లాగులో ఆ రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకుంటున్నాయి. శాతాల్లో మాత్రం 50 నుంచి 33.3 పోగా ఇంకా మిగులు కనిపిస్తోంది. మీ 17 గొర్రెలు ఇలాంటి మిగులులో పుట్టినవే. ఏటా సరిగ్గా ఒకే వేగంతో పెరిగిన మందకు ఈ రెండు సగటులకూ తేడా ఉండదు. ఎగుడుదిగుడు ఎంత ఎక్కువైతే అంకమధ్యమం అంత ఎక్కువగా పొంగుతుంది.

కంప్యూటరు ఉంటే ఆర్ అనే గణాంకాల ప్రోగ్రాములో ఇలా సరిచూసుకోవచ్చు.

```
x <- c(40, 60, 45, 72, 48)
r <- x[-1] / x[-5]
mean(r)            # 1.129
exp(mean(log(r)))  # 1.0466
```

గండికోట, జమ్మలమడుగు

చిత్రావతి మేడమ్, మీరు చెప్పింది సరైనదే గానీ నాకొక సందేహం. నాలుగు గుణకాలనూ గుణించినప్పుడు 60, 45, 72 పైనా కిందా కొట్టుకుపోయి, చివరికి 48ని 40తో భాగించడమే మిగులుతోంది. అలాంటప్పుడు మొదటి లెక్క, చివరి లెక్క ఉంటే చాలు కదా! మధ్యలో మూడు ఉగాదులకు దొడ్డిలో తలలు లెక్కపెట్టిన శ్రమంతా వృథాయేనా? హంద్రీగట్టు గారు మధ్యలోవి అక్కర్లేదన్నది కూడా ఇదేనేమో.

చిత్రావతి, అనంతపురం

మంచి ప్రశ్న. హంద్రీగట్టు గారికి అంత మేరకు నేను క్షమాపణ చెప్పుకోవాలి. అవును, గుణమధ్యమం రెండు కొసల మీదే నిలబడుతుంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. మందలెక్క ఈ దరఖాస్తును ఒక్క ఏడాది ముందు, మంద 72గా ఉన్నప్పుడు పెట్టి ఉంటే, మూడేళ్ల గుణమధ్యమం ఏడాదికి 21.6 శాతంగా తేలేది. అదే మంద, అదే సూత్రం, ఒక్క ఉగాది తేడా. అందువల్ల ఎవరైనా సగటు వృద్ధి ఇంత అని చెబితే, ఏ ఏడు నుంచి ఏ ఏటి వరకు అని అడిగి తీరాలి. తమకు అనుకూలమైన కొసలను ఏరుకోవడం ఈ లెక్కలో అన్నిటికంటే తేలికైన మోసం.

మధ్యలోని లెక్కలు రెండు పనులకు ఉపయోగపడతాయి. మంద ఎంత ఊగిసలాడుతోందో చెప్పేవి అవే. కొసల ప్రభావాన్ని తగ్గించాలనుకుంటే, ఐదు లెక్కల లాగులనూ సంవత్సరాలకు ఎదురుగా చుక్కలుగా పెట్టి, వాటి మధ్య నుంచి ఒక సరళరేఖ గీయవచ్చు. మీ అంకెలకు ఆ రేఖ వాలు ఏడాదికి దాదాపు 5.6 శాతం వృద్ధిని చూపిస్తుంది. అయితే ఐదు చుక్కల మీద గీసిన రేఖను నేను పెద్దగా నమ్మను.

పల్లెవైద్యం, పత్తికొండ

అయ్యా, అమ్మా, లాగ్ పేరు వినగానే నా గాయం రేగింది, కనుక నా అనుభవం కూడా రాస్తున్నాను. నేను పశువైద్యశాలలో సహాయకుడిని. ఒక ఊళ్లో గొర్రెలకు నట్టల మందు తాగించడానికి ముందుగా ఇంటింటి మందల లెక్క తీసుకున్నాను. తొమ్మిది ఇళ్లు: 12, 15, 18, 20, 25, 30, 40, 60, 320. ఆ చివరి 320 గల ఆసామి మంద లెక్కనంతా పాడుచేస్తోందని, ఇలాంటి చోట లాగ్ తీసి సగటు కట్టాలని ఒక శిక్షణలో చెప్పినట్టు గుర్తుకొచ్చి, అలాగే చేశాను. ఇంటికి 32 వచ్చింది. సరేనని 32ని తొమ్మిదితో గుణించి, కొంచెం పైగా కలిపి, 300 గొర్రెలకు సరిపోయే మందు తీసుకుని వెళ్లాను. ఐదు ఇళ్లు బాగానే నడిచాయి. పెద్దమంద ఆసామి దొడ్డిలో పని మధ్యలో ఉండగానే సీసాలు ఖాళీ అయిపోయాయి. ఆ ఎండలో ఆయన నా ముఖం చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు. నా తప్పు ఎక్కడుందో ఈ వేదికలో ఎవరైనా చెబుతారా? సూత్రమే తప్పా, నేను తప్పా?

గండికోట, జమ్మలమడుగు

పల్లెవైద్యం గారూ, మీరు చేసినది సరైన పద్ధతే. ఒక వైపు తోక సాగిన దత్తాంశానికి అంకమధ్యమం ఎప్పుడూ వాడకూడదు. తొమ్మిదింటి అంకమధ్యమం 60, కానీ తొమ్మిది ఇళ్లలో ఏడింటికి అంతకంటే తక్కువే ఉన్నాయి. అది ఎవరి మందనూ సూచించని సగటు. లాగ్ తీసి వచ్చిన 32, లేదా మధ్యగతమైన 25, ఈ రెండే ఆ ఊరి అసలు రూపాన్ని చెబుతాయి. మందు చాలకపోవడం మీ దురదృష్టం మాత్రమే.

చిత్రావతి, అనంతపురం

గండికోట గారూ, సగం నిజం చెప్పి మిగతా సగం దురదృష్టం మీద వేశారు. 'ఎప్పుడూ వాడకూడదు' అనే మాట వెనక్కి తీసుకోవాలి.

పల్లెవైద్యం గారికి కావలసినది మొత్తం. మందు తాగేది గొర్రెలు, ఇళ్లు కావు. 320 గొర్రెలున్న ఇంటిని 'అసాధారణం' అని పక్కకు నెట్టినా ఆ 320 నోళ్లూ అక్కడే ఉంటాయి. మొత్తం కావాలంటే అంకమధ్యమమే వాడాలి. 60ని తొమ్మిదితో గుణిస్తే 540, అదే అసలు లెక్క. లాగ్ సగటును వెనక్కి తిప్పి తొమ్మిదితో గుణిస్తే 290 వస్తుంది, అంటే 250 గొర్రెలు లెక్కలోంచి జారిపోయాయి. అసలు అన్ని ఇళ్ల లెక్కా చేతిలో ఉన్నప్పుడు సగటు జోలికి పోకుండా కూడితే సరిపోయేది. కానీ కొన్ని ఇళ్లను చూసి మండలం మొత్తానికి అంచనా వేసేటప్పుడు ఇదే పొరపాటు పెద్ద ఎత్తున జరుగుతుంది, అప్పుడు కనిపెట్టేవాళ్లు ఉండరు. 'ఈ ఊళ్లో మామూలు ఇంటికి ఎన్ని గొర్రెలుంటాయి' అని అడిగితే మాత్రం 32 గానీ 25 గానీ చెప్పడం న్యాయం.

లాగుల సగటును వెనక్కి తిప్పినప్పుడు వచ్చేది అసలు అంకెల సగటు కాదనే విషయం చాలామంది మరచిపోతారు. లాగుల పంపిణీ గంట ఆకారంలో ఉన్నప్పుడు, లాగుల విస్తృతిలో, అంటే సగటు నుంచి వాటి దూరాల వర్గాలను కూడి లెక్కల సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగిస్తే వచ్చేదానిలో, సగాన్ని లాగుల సగటుకు కలిపి, ఆ తర్వాత వెనక్కి తిప్పితే అంకమధ్యమానికి దగ్గరగా వస్తుంది. ఈ తొమ్మిది ఇళ్లకు అలా చేస్తే 53 వస్తుంది. అది 32 కంటే మెరుగు, కానీ 60 కాదు. ఎందుకంటే లాగ్ తీసిన తర్వాత కూడా ఆ 320 తక్కినవాటికి దూరంగానే నిలబడి ఉంది. లాగ్ తీయగానే వంకర తీరిపోతుందనుకోవడం పొరపాటు. తీసిన తర్వాత మళ్లీ చుక్కలు పెట్టి కంటితో చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన చోటికి వద్దాం. ఊళ్లో మందలు ఇలా ఎందుకుంటాయి? మనుషుల ఎత్తులు సగటుకు అటూ ఇటూ సమానంగా ఉంటాయి గదా, గొర్రెల మందలు ఎందుకు ఒక వైపే సాగుతాయి? నా ఉద్దేశంలో మందలెక్క ప్రశ్నా పల్లెవైద్యం గారి ప్రశ్నా వేర్వేరు కావు. నాలుగు ఇళ్లు తీసుకుందాం, అందరికీ 100 గొర్రెలు. మంచి ఏడు వస్తే మంద 1.5 రెట్లవుతుంది, చెడ్డ ఏడు వస్తే 0.6 రెట్లవుతుంది. రెండేళ్ల తర్వాత ఒక ఇంటికి రెండూ మంచి ఏళ్లే వచ్చాయి: 225. రెండు ఇళ్లకు ఒకటి మంచిది, ఒకటి చెడ్డది: 90, 90. ఒక ఇంటికి రెండూ చెడ్డవే: 36. ఊరి మొత్తం 400 నుంచి 441కి పెరిగింది, ఏడాదికి సరిగ్గా 5 శాతం, అది 1.5, 0.6ల అంకమధ్యమమే. కానీ నాలుగిళ్లలో మూడిళ్లు మొదటి కంటే కిందికి పోయాయి. మామూలు ఇల్లు 90 దగ్గరుంది, ఏడాదికి 5 శాతానికి పైగా తగ్గుతూ వచ్చింది, అది గుణమధ్యమం చెప్పేది. సమానంగా మొదలైన నాలుగు మందలు రెండేళ్లకే ఒక వైపు తోక సాగాయి. ఇంకో పదేళ్లు నడిపిస్తే పల్లెవైద్యం గారి ఊరే తయారవుతుంది. గుణకారం పదే పదే జరిగిన చోట కుడివైపు తోక పుడుతుంది. లాగ్ ఆ గుణకారాన్ని కూడికగా మార్చి, తోకను లోపలికి లాగుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు, 1879లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ప్రశ్న లేవనెత్తగా డొనాల్డ్ మెకాలిస్టర్ దానికి గణితం సమకూర్చారు.

హంద్రీగట్టు, కర్నూలు

క్షమాపణ అందింది మేడమ్. మీ నాలుగిళ్ల లెక్క చదివాక ఒక విషయం గుర్తుకొచ్చింది. మన దేశంలో చిల్లర ధరల సూచీని 2012 ఆధార సంవత్సరంగా మార్చినప్పటి నుంచి, ఒకే వస్తువుకు వేర్వేరు చోట్ల వచ్చిన ధరల నిష్పత్తులకు గుణమధ్యమమే తీస్తున్నారు. ఇన్నాళ్లూ అదేదో పెద్దల పట్టింపు అనుకున్నాను. ఒక బజారులో ధర రెట్టింపై, ఇంకో బజారులో సగమైతే, మొత్తం మీద ధర మారలేదని చెప్పాలంటే అదే దారి అని ఇప్పుడు అర్థమైంది. నా ఉల్లిగడ్డల 25 శాతం కూడా అక్కడే ఆవిరైపోతుంది.

పొట్టేలుదొడ్డి, ఆదోని

నాకు లాగులు రావు, గొర్రెలు వచ్చు. మా తాతల నాటి నుంచి మాకు ఇదే వృత్తి. చిత్రావతి అమ్మ నాలుగిళ్ల లెక్క వినడానికి బాగుంది గానీ, మా ఊళ్లో అలా జరగదు. వాన తప్పితే ఒక ఇంటికే తప్పదు, ఊరంతటికీ తప్పుతుంది. నీలి నాలుక వస్తే ఒక దొడ్డిని చూసి ఇంకో దొడ్డిని వదిలిపెట్టదు. కాబట్టి ఒకే ఏడు ఒకరికి మంచి, ఇంకొకరికి చెడు అని మీరు పంచిపెట్టినట్టు పంచడం మాకు తెలియదు. మంచి ఏడు అందరికీ మంచిదే, చెడ్డ ఏడు అందరికీ చెడ్డదే.

ఇంకో మాట. మందలెక్క అనే అబ్బాయీ, ఆ నాలుగో ఏడు 72లోంచి 48కి తగ్గాయన్నావు. రోగమని మొదటి దానికి చెప్పావు, దీనికి ఏమీ చెప్పలేదు. చచ్చిపోయాయా, అమ్మారా? అమ్మినదాన్ని తరుగులో కలిపేస్తే అది మంద లెక్క కాదు, ఇంటి ఖర్చుల లెక్క అవుతుంది.

చిత్రావతి, అనంతపురం

పొట్టేలుదొడ్డి గారూ, మీ మొదటి మాట నా ఉదాహరణలోని అతి బలహీనమైన చోట తగిలింది. నాలుగిళ్లకూ అదృష్టం వేర్వేరుగా వస్తుందన్న ఊహ మీదే అది నిలబడింది. అందరికీ ఒకే ఏడు మంచి, ఒకే ఏడు చెడు అయితే, రెండేళ్ల తర్వాత నాలుగిళ్లలోనూ 90 చొప్పునే ఉంటాయి, ఊరి మొత్తం 360కి పడిపోతుంది. అప్పుడు ఊరు కూడా గుణమధ్యమాన్నే అనుసరిస్తుంది, అంకమధ్యమం చెప్పిన ఆ 5 శాతం ఎవరి దొడ్డిలోనూ కనిపించదు. మందలు కూడా సమానంగానే ఉండిపోతాయి, తోక పుట్టదు. పత్తికొండ దగ్గర ఊళ్లో తోక కనిపిస్తోంది కాబట్టి, ఏదో ఒక తేడా ఇళ్ల మధ్య పని చేస్తూనే ఉండాలి. మేత కోసం మందను కాలువల కిందికి తోలుకుపోయేవాళ్లకూ ఊళ్లోనే ఉండిపోయేవాళ్లకూ తేడా ఉంటుందేమో. లేదా మొదటి నుంచీ ఆ ఆసామి మంద పెద్దదే కావచ్చు. తోకను చూసినంత మాత్రాన దాని పుట్టుకను రుజువు చేసినట్టు కాదు. నేను నిన్న కొంచెం ఉత్సాహంగా రాశాను.

మీ రెండో ప్రశ్నకు జవాబు మందలెక్కే చెప్పాలి.

గండికోట, జమ్మలమడుగు

నా సందేహం ఒకటి ఇందులోనే తీర్చుకుంటాను. నేను బోరుబావుల నీటి పరిమాణం నమోదు చేస్తుంటాను. తోక సాగిన దత్తాంశమే గనుక లాగ్ తీస్తాను. ఎండిపోయిన బోర్లకు సున్నా వస్తుంది, సున్నాకు లాగ్ లేదు, అందువల్ల అన్నిటికీ 1 కలిపి లాగ్ తీసి, చివర్లో 1 తీసేస్తాను. అందరూ ఇలాగే చేస్తారు. ఇందులో దోషమేమీ లేదు కదా?

మందలెక్క, కళ్యాణదుర్గం

గండికోట అన్నా, మీ ప్రశ్న చూసి ఆసక్తి పుట్టి, నేనే ఒక చిన్న లెక్క చేసి చూశాను. నాలుగు బోర్లు అనుకున్నాను: ఒకటి ఎండిపోయింది, మిగిలినవి గంటకు 500, 2000, 8000 లీటర్లు. మీరు చెప్పినట్టు 1 కలిపి, లాగుల సగటు వెనక్కి తిప్పి, 1 తీసేస్తే గంటకు 298 లీటర్లు వచ్చింది. తర్వాత అవే బోర్లను వేల లీటర్లలో రాశాను: 0, 0.5, 2, 8. మళ్లీ 1 కలిపి అదే చేస్తే 1.523 వచ్చింది, అంటే 1523 లీటర్లు. నీళ్లు మారలేదు, బోర్లు మారలేదు, రాసే కొలత ఒక్కటే మారింది. జవాబు మాత్రం ఐదు రెట్లు మారిపోయింది. నేనేమైనా తప్పు చేశానా అని రెండుసార్లు చూసుకున్నాను.

చిత్రావతి, అనంతపురం

తప్పేమీ చేయలేదు, చక్కగా పట్టుకున్నావు. ఒక లీటరు కలపడం వేరు, వెయ్యి లీటర్లు కలపడం వేరు. 1 అనేది అంకెలో చిన్నదిగా కనిపించినా, ఏ కొలతలో కలుపుతున్నామన్నదే అసలు సంగతి. నేనైతే దాన్ని రెండు ప్రశ్నలుగా విడదీస్తాను. నాలుగింటిలో ఎన్ని బోర్లు ఎండిపోయాయి అన్నది ఒకటి. నీళ్లున్న మూడింటిలో మామూలు బోరు ఎంత పోస్తోంది అన్నది రెండోది. రెండోదానికి నిశ్చింతగా గుణమధ్యమం తీయవచ్చు, ఇక్కడ అది సరిగ్గా 2000. మంద విషయంలో మాత్రం సున్నాను అలా పక్కన పెట్టకూడదు. ఏదో ఒక ఏడు మంద మొత్తం పోతే ఆ ఏటి గుణకం సున్నా, గుణమధ్యమమూ సున్నాయే. అది సూత్రం మొరాయించడం కాదు, నిజం చెప్పడం.

గండికోట, జమ్మలమడుగు

నా పాత రిజిస్టర్లలో కొన్ని లీటర్లలోనూ, కొన్ని అంగుళాల్లోనూ ఉన్నాయి. అన్నిటికీ 1 కలిపే పంపించాను. ఇప్పుడు వాటి గురించి ఆలోచించడానికే భయంగా ఉంది. అయినా ఎండిన బోర్లను విడదీస్తే, ఒక ఊరికీ ఇంకో ఊరికీ పోల్చేటప్పుడు ఒకే అంకె చెప్పలేమన్న ఇబ్బంది అలాగే ఉంటుంది. పైవాళ్లు ఒక్క అంకె అడుగుతారు. దానికి ఏం చేయాలో నాకింకా స్పష్టంగా తెలియలేదు.

మందలెక్క, కళ్యాణదుర్గం

పొట్టేలుదొడ్డి పెదనాన్నా, మీరు అడిగిన తర్వాతే మా నాన్నను కూర్చోబెట్టి అడిగాను. నాలుగో ఏడు మా అక్క పెళ్లికి 12 గొర్రెలు అమ్మారట. అంటే చావు మీద పోయినవాటికీ పుట్టినవాటికీ తేడా 12 మాత్రమే, మిగతా 12 అమ్మకం. అమ్మకం లేకపోతే మంద 60 ఉండేదని అనుకుంటే ఆ ఏటి గుణకం 60ని 72తో భాగించగా 0.833. అప్పుడు నాలుగింటి గుణకారం 1.5, గుణమధ్యమం 10.7 శాతం. కానీ ఉగాది అయిన వెంటనే అమ్మి ఉంటే, ఆ ఏడంతా ఈనింది 60 గొర్రెలే కాబట్టి గుణకం 48ని 60తో భాగించగా 0.8 అవుతుంది, సగటు 9.5 శాతానికి దిగుతుంది. పెళ్లి మాఘమాసంలో జరిగింది గనుక, ఏడాది చివర్లోనే అమ్మి ఉంటారని నేను మొదటి లెక్క వైపే మొగ్గాను. మా అమ్మ మాత్రం బంగారం కోసం శ్రావణంలోనే సగం అమ్మారని అంటోంది.

కాబట్టి ఇంటి ఖర్చులతో కలిపి మంద వృద్ధి 4.7 శాతం, గొర్రెలు తమంతట తాము పెరిగిన వేగం 9.5కూ 10.7కూ మధ్యలో ఎక్కడో ఉంది. 12.9 మాత్రం ఎందులోనూ లేదు.

పొట్టేలుదొడ్డి, ఆదోని

అమ్మినవి కనిపెట్టావు, మరి కొన్నవి? 45 నుంచి 72కి పోవడం ఈతలతోనే అయ్యే పని కాదని నాకు అనుమానం. 45లో పొట్టేళ్లు పోను, ఈనే గొర్రెలు ఎన్ని ఉంటాయి? పిల్లల్లో కొన్ని పోతాయి. ఆ ఏడు మీ నాన్న సంతలో ఏమైనా కొన్నారేమో అడుగు.

మందలెక్క, కళ్యాణదుర్గం

అడిగాను పెదనాన్నా. మొదట లేదన్నారు. కాసేపటికి, మామయ్య దగ్గర నుంచి కొన్ని వచ్చాయన్నారు, ఎన్నో గుర్తు లేదన్నారు. క్యాలెండరు వెనుక ఆ సంగతి రాసి లేదు. మామయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. గడిలో ప్రస్తుతానికి 4.7 అని దిద్ది, పక్కన 'ఐదు ఉగాదుల లెక్కల ఆధారంగా, అమ్మకాలు, కొనుగోళ్లు కలిపి' అని చిన్న అక్షరాలతో రాశాను. దరఖాస్తు నింపినాయన చూసి, ఇంత తక్కువ రాస్తే అప్పు రాదని, 12.9నే ఉంచమని అంటున్నారు.

హంద్రీగట్టు, కర్నూలు

12.9 ఉంచితే, నాలుగేళ్ల తర్వాత అప్పు వాయిదా కట్టవలసింది ఆ 17 గొర్రెలతోనే అని ఆయనకు చెప్పండి.